మ్యూనిక్, దుబాయ్, హైదరాబాద్: మూడు జీతాలను ఒకే తూకంలో పెట్టడం ఎలా?

ప్రశ్న: సార్, మాది మిర్యాలగూడ దగ్గర పల్లె. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, సీటీసీ 24 లక్షలు. ఇప్పుడు మ్యూనిక్ నుంచి ఏడాదికి 66,000 యూరోల ఆఫర్, దుబాయ్ నుంచి నెలకు 18,000 దిర్హాముల ఆఫర్ వచ్చాయి. భార్య ఉద్యోగం చేయడం లేదు, బాబుకు నాలుగేళ్లు. కొన్నేళ్లు సంపాదించి ఊళ్లో ఇల్లు కట్టుకోవాలని, అమ్మానాన్నలను చూసుకోవాలని ఉంది. రూపాయల్లోకి మార్చి చూస్తే మ్యూనిక్ 66 లక్షలు వస్తోంది. కానీ పీపీపీ లెక్క చూస్తే హైదరాబాదే మేలంటోంది. దేన్ని నమ్మాలి?

జవాబు: మీరు చూసిన రెండు లెక్కల్లో ఏదీ మీ ప్రశ్నకు సరిపోదు. ఒకటి జీతం మొత్తాన్ని మారకపు రేటుతో గుణిస్తుంది, రెండోది, అంటే పీపీపీ, జీతం మొత్తాన్ని కొనుగోలు శక్తి రేటుతో గుణిస్తుంది. మీ జీతంలో ఒక భాగం అక్కడే ఖర్చవుతుంది, మిగిలిన భాగం మిర్యాలగూడకు వస్తుంది. అక్కడ ఖర్చయ్యే భాగాన్ని అక్కడి ధరలతోనే తూచాలి, ఇక్కడికి వచ్చే భాగాన్ని మాత్రమే మారకపు రేటుతో తూచాలి. పాలమూరు నుంచి పుణెకో ముంబైకో పనికి పోయి వచ్చిన కూలీని ఊళ్లో వాళ్లు రోజుకూలి ఎంతని అడగరు, ఎంత మిగులబెట్టుకొచ్చావని అడుగుతారు. మీరు కూడా అక్కడి నుంచే లెక్క మొదలుపెట్టాలి.

ముందుగా పీపీపీ అంకె ఎందుకు అంత తేడాగా వస్తుందో చూద్దాం. ప్రపంచ బ్యాంకు ఆధ్వర్యంలో దేశాల ధరలను పోల్చే కార్యక్రమం ఒకటి నడుస్తుంది. దాని ప్రకారం అమెరికాలో ఒక డాలరుకు దొరికే సరుకులూ సేవలూ భారతదేశంలో సుమారు 20 రూపాయలకు, జర్మనీలో సుమారు 0.7 యూరోకు దొరుకుతాయి. 20ని 0.7తో భాగిస్తే ఒక యూరోకు 28 రూపాయలకు కాస్త అటూ ఇటుగా వస్తుంది. ఆ రేటుతో 66,000 యూరోలు 18.5 లక్షలే కాబట్టి మీ 24 లక్షల కంటే తక్కువగా కనిపిస్తుంది. మారకపు రేటు, లెక్క సులువు కోసం యూరోకు 100 రూపాయలనుకుంటే, అదే జీతం 66 లక్షలు. పీపీపీ అంకె దేశం మొత్తానికి తీసిన సగటు. అందులో మన పల్లెల్లో అద్దెలూ, క్షౌరశాల ధరలూ, బియ్యం ధరలూ అన్నీ కలిసి ఉంటాయి. మీరు ఉండబోయేది జర్మనీ సగటు ఊళ్లో కాదు, ఆ దేశంలో అద్దెలు అన్నిటికంటే ఎక్కువగా ఉండే నగరంలో. ఇప్పుడు ఉన్నది కూడా తెలంగాణ సగటు ఊళ్లో కాదు. పైగా విమానం టికెట్టు, ల్యాప్‌టాప్, ఫోను వంటివి ఎక్కడైనా దాదాపు ఒకే ధర. పనిమనిషి, ఆటో, కూరగాయలు, బడి ఫీజు, అద్దె మాత్రమే ఊరిని బట్టి మారతాయి. కాబట్టి ప్రభుత్వాలు తీసిన పీపీపీని పక్కన పెట్టి మీ ఇంటి ఖర్చుల బుట్టతో మీ సొంత పీపీపీని మీరే తీసుకోవాలి. నల్గొండలో ఆదాయపు పన్ను రిటర్నులు వేసే నా పనిలో విదేశాలకు వెళ్లే ప్రతి కుటుంబానికీ ముందు ఇదే చేయిస్తాను.

హైదరాబాద్‌తో మొదలుపెడదాం. మీ సీటీసీ 24 లక్షల్లో మూలవేతనం 12 లక్షలనుకుంటే, యజమాని కట్టే పీఎఫ్ 1,44,000, గ్రాట్యుటీ కోసం చూపే 58,000 తీసేయగా స్థూల జీతం దాదాపు 22 లక్షలు. 2025-26 కొత్త పన్ను విధానంలో 75,000 ప్రామాణిక మినహాయింపు పోగా సెస్సుతో కలిపి పన్ను సుమారు 2,40,000 అవుతుంది. మీ వాటా పీఎఫ్, నెలకు 200 వృత్తి పన్ను కూడా తీసేస్తే చేతికి నెలకు సుమారు 1,51,000 వస్తుంది. అద్దె 35,000, బాబు బడికి 12,000, సరుకులూ పాలూ కూరగాయలకు 18,000, పనిమనిషి, కరెంటు, పెట్రోలు, ఇంటర్నెట్ కలిపి 15,000, పండుగలూ బట్టలూ ఊరి ప్రయాణాలూ 16,000 అనుకుందాం. మొత్తం 96,000. ఇవి నేను మీ వయసు కుటుంబాలను చూసి పెట్టుకున్న అంకెలు, మీ నిజమైన ఖర్చులు ఇక్కడ వేసుకోండి. అమ్మానాన్నలకు పంపేది, ఇంటి కోసం దాచేది మిగులులోనే ఉంచండి, ఎందుకంటే ఆ డబ్బు ఏ దేశంలో సంపాదించినా చివరికి రూపాయల్లోనే ఖర్చవుతుంది. చేతిలో మిగిలేది 55,000. రెండు వాటాల పీఎఫ్ నెలకు 24,000 కలిపితే 79,000. దీన్ని గుర్తుపెట్టుకోండి, మిగతా రెండు ఆఫర్లూ ఈ 79,000తోనే పోటీ పడాలి.

జర్మనీలో జీతం నుంచి పోయేవి రెండు రకాలు: ఆదాయపు పన్ను, సామాజిక బీమా. మొదటిది మీ కుటుంబ పరిస్థితిని బట్టి చాలా మారుతుంది, రెండోది దాదాపు స్థిరం. 2025 రేట్ల ప్రకారం ఉద్యోగి వాటాగా పింఛనుకు 9.3 శాతం, నిరుద్యోగ బీమాకు 1.3 శాతం, ఆరోగ్య బీమాకు సగటున 8.55 శాతం, వృద్ధాప్య సంరక్షణ బీమాకు పిల్లలున్న వారి నుంచి 1.8 శాతం కోస్తారు. అన్నీ కలిపి 21 శాతానికి దగ్గర. ఆదాయపు పన్ను భార్య మీతో అక్కడే ఉండి, ఉద్యోగం చేయకపోతే తక్కువ పన్ను పడే మూడో పన్ను తరగతిలోకి వస్తుంది. ఏడాదికి సుమారు 6,400 యూరోలు. అన్నీ పోగా చేతికి నెలకు దాదాపు 3,815 యూరోలు, 2025లో ఇచ్చిన పిల్లవాడి భత్యం 255 కలిపితే 4,070 యూరోలు.

ఇక్కడ చాలామంది ఒక పొరపాటు చేస్తారు. మొదటి ఏడాది భార్యాబిడ్డలను ఇక్కడే ఉంచి తాను ఒక్కడే వెళ్తే ఎక్కువ మిగులుతుందనుకుంటారు. భార్య యూరప్ యూనియన్ బయట ఉంటే ఉమ్మడి పన్ను లెక్క వర్తించదు, ఒంటరివారికి వేసే మొదటి తరగతిలో పన్ను పడుతుంది. అప్పుడు చేతికి వచ్చేది నెలకు 3,400 యూరోలకు పడిపోతుంది, పిల్లవాడి భత్యం కూడా రాదు. ఒంటరిగా ఉంటే అద్దె తగ్గుతుంది నిజమే, కానీ ఈ కోత నెలకు 670 యూరోలు అన్నది ముందే లెక్కలో ఉండాలి.

కుటుంబంతో వెళ్లారనుకుని మ్యూనిక్ ఖర్చుల బుట్ట చూద్దాం. అద్దె మాట వచ్చినప్పుడు అది తాపనం, నీళ్లు, చెత్త ఖర్చులు కలిపిన వెచ్చని అద్దెనా, అవి కలపని చల్లని అద్దెనా అని తప్పక అడగండి, తేడా రెండు మూడు వందల యూరోలుంటుంది. వెచ్చని అద్దె 1,900, కరెంటు, ఇంటర్నెట్, ప్రతి ఇల్లూ కట్టవలసిన ప్రసార రుసుము కలిపి 130, సరుకులు 650, ఇద్దరికీ దేశమంతా తిరిగే నెలవారీ టికెట్లు 2025 ధరల్లో 116, బాబు బాలవాడీకి 200, బట్టలూ బయటి తిండీ చిన్న బీమాలూ 350, ఏడాదికొకసారి ఇండియా ప్రయాణాన్ని నెలలకు పంచితే 225. మొత్తం 3,571 యూరోలు. మీ హైదరాబాద్ 96,000ను దీనితో భాగిస్తే ఒక యూరోకు 27 రూపాయలు. అధికారిక పీపీపీకి చాలా దగ్గరగా వచ్చింది. మీ కుటుంబానికి ఖర్చు వైపు యూరో విలువ 27 రూపాయలే, మిగులు వైపు 100 రూపాయలు. పీపీపీ తప్పు చెప్పలేదన్నమాట, దాన్ని మొత్తం జీతానికి వాడటమే తప్పు.

చేతిలో మిగిలేది 500 యూరోలు, అంటే 50,000 రూపాయలు. మీ పింఛను వాటా నెలకు దాదాపు 511 యూరోలు ఉంది కదా, దాన్ని కూడా కలిపితే 1,01,000. అయితే ఆ రెండో సగం మీ చేతిలో ఉండదు. అరవై నెలల లోపే పని చేసి తిరిగి వస్తే, యూరప్ యూనియన్ విడిచిన రెండేళ్ల తరువాత సాధారణంగా మీ వాటా మాత్రం వడ్డీ లేకుండా తిరిగి అడగవచ్చు, యజమాని వాటా రాదు. అరవై నెలలు దాటితే తిరిగి రాదు, 67 ఏళ్లకు పింఛనుగా వస్తుంది, ఇండియాలో ఉన్నా తీసుకోవచ్చు. ఊళ్లో ఇల్లు కట్టడమే లక్ష్యమైతే ఈ డబ్బును అందులో లెక్కించకండి. వృద్ధాప్యం లెక్క వేరు కాబట్టి అక్కడ వేసుకోండి.

దుబాయ్ లెక్క పన్ను లేకపోవడం వల్ల సులువుగా కనిపిస్తుంది. 18,000 దిర్హాములు, దిర్హాముకు 24 రూపాయల చొప్పున నెలకు 4,32,000. పన్ను లేనప్పుడు మరి మిగులు ఎందుకు పెద్దగా లేదో ఖర్చుల బుట్టలో కనిపిస్తుంది. ఒక మోస్తరు ప్రాంతంలో ఏడాదికి 84,000 అద్దెనుకుంటే నెలకు 7,000. దాని మీద ఐదు శాతం గృహ రుసుము కరెంటు బిల్లుతో పాటు వస్తుంది, అది 350. కరెంటు, నీళ్లు 600, ఫోను, ఇంటర్నెట్ 500, సరుకులు 2,000, మన సిలబస్ ఉన్న బడిలో ఫీజు, బస్సు కలిపి 1,700, ప్రయాణాలు 900, ఇతరాలు 1,200. మీకు ఆరోగ్య బీమా యజమాని ఇవ్వాలి, భార్యాబిడ్డలది ఆఫర్ లేఖలో రాసి లేకపోతే మీ మీదే పడుతుంది, దానికి 300. ఊరి ప్రయాణానికి 325. మొత్తం 14,875. మీ హైదరాబాద్ బుట్ట ఇక్కడ కొనడానికి దిర్హాముకు ఆరున్నర రూపాయల విలువే వస్తుంది. పన్ను రూపంలో ప్రభుత్వం తీసుకోనిది అద్దె, బడి రూపంలో పోతోంది. చేతిలో మిగిలేది 3,125 దిర్హాములు, అంటే 75,000 రూపాయలు.

దీనికి గ్రాట్యుటీ కలపాలి. అక్కడ పీఎఫ్ లేదు, బదులుగా మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల మూలవేతనం సేవాంత గ్రాట్యుటీగా వస్తుంది. మీ ఆఫర్‌లో మూలవేతనం 10,800 అయితే ఏడాదికి 7,560, నెలకు 630 దిర్హాములు. అప్పుడు మొత్తం మిగులు సుమారు 90,000 రూపాయలు. అదే 18,000ను మూలవేతనం 6,000, మిగిలినవి భత్యాలు అని విడగొట్టి రాస్తే గ్రాట్యుటీ దాదాపు సగానికి పడిపోతుంది. దుబాయ్ ఆఫర్ లేఖలో మొత్తం అంకె తరువాత మీరు చదవవలసిన రెండో అంకె అదే.

ఇప్పుడు పక్కపక్కన పెట్టి చూడండి. పైకి కనిపించే జీతాలు 24, 66, 52 లక్షలు. నెలకు మిగిలేది 79,000, 1,01,000, 90,000. పైన అంత దూరంగా కనిపించిన అంకెలు కింద ఇరవై రెండు వేల తేడాలోకి వచ్చేశాయి. మీ విషయంలో దేశం కంటే ఆఫర్ పరిమాణమూ, ఇంట్లో రెండో జీతమూ ఎక్కువ మాట్లాడతాయి.

మిగులు శాతం అన్నది ఇక్కడ రెండో పరీక్షగా పనికొస్తుంది. పీఎఫ్ వంటివన్నీ కలిపి చూస్తే హైదరాబాద్‌లో మీరు సంపాదించిన దానిలో 45 శాతం మిగులుస్తున్నారు, దుబాయ్‌లో 20 శాతం, మ్యూనిక్‌లో పింఛనుతో కలిపి 22 శాతం, చేతిలో ఉండేదైతే 12 శాతమే. మిగులు శాతం ఎక్కువ ఉన్నంత మాత్రాన అక్కడ ఎక్కువ డబ్బు మిగులుతుందని కాదు. కానీ శాతం తక్కువైతే చిన్న పొరపాటు కూడా పెద్ద దెబ్బ అవుతుంది. మ్యూనిక్‌లో మీరు అనుకున్న దానికంటే అద్దె పది శాతం ఎక్కువైతే 190 యూరోలు పోయి, చేతి మిగులులో మూడో వంతుకు పైగా మాయమవుతుంది. హైదరాబాద్‌లో అదే పది శాతం మీ మిగులులో ఐదు శాతాన్ని కూడా తాకదు. అందుకే పన్నెండు శాతం మిగులు చూపే ఆఫర్‌లో ప్రతి ఖర్చునూ రెండు చోట్ల అడిగి సరిచూసుకోవాలి.

రెండో జీతం సంగతి మ్యూనిక్‌లోనే అసలు మలుపు. నైపుణ్యమున్న విదేశీ ఉద్యోగులకు ఇచ్చే నివాస అనుమతి బ్లూ కార్డు మీకు వస్తే మీ భార్య ఏ ఉద్యోగమైనా చేయవచ్చు. భాష నేర్చుకుని ఏడాదికి 36,000 యూరోల ఉద్యోగంలో చేరారనుకుంటే, ఇద్దరికీ కలిపి పన్ను పెరిగినా, బీమాలు పోయినా, ఇంటికి అదనంగా నెలకు సుమారు 1,690 యూరోలు వస్తాయి. బాలవాడీ గంటలు పెరిగినందుకు 200 తీసేసినా చేతి మిగులు 500 నుంచి దాదాపు 2,000కు వెళ్తుంది, అంటే నెలకు 2 లక్షల రూపాయలు. అద్దె ఒకటే, బాలవాడీ తరువాత బడి ఖర్చు లేదు, కుటుంబమంతటికీ ఆరోగ్య బీమా ఉంది కాబట్టి రెండో జీతంలో ఎక్కువ భాగం నేరుగా మిగులులోకి పడుతుంది. ఒక్క జీతంతోనే ఉండిపోతామని మీ ఇద్దరి నిర్ణయమైతే మ్యూనిక్ ఆఫర్ డబ్బు కోణంలో హైదరాబాద్ కంటే మెరుగు కాదని నా అభిప్రాయం.

దుబాయ్‌లో మలుపు మరోచోట ఉంది. కుటుంబం మిర్యాలగూడలోనే ఉండి మీరు ఒక్కరే గది పంచుకుని 5,500 దిర్హాములతో గడిపితే, ఇక్కడి ఇంటికి నెలకు 45,000 ఇచ్చినా గ్రాట్యుటీతో కలిపి 2,70,000 వరకు మిగులుతుంది. పన్ను తరగతి బాధ అక్కడ లేదు కాబట్టి ఒంటరి జీవితానికి శిక్ష పడదు. కానీ నాలుగేళ్ల బాబును వదిలి ఎన్నేళ్లు ఉంటారన్నది లెక్కలో పట్టేది కాదు, అది మీరే తేల్చుకోవాలి. కుటుంబంతోనే వెళ్లాలంటే ఆఫర్‌ను పెంచమని అడగండి. హైదరాబాద్ మిగులుకు రెట్టింపు, అంటే నెలకు 1,58,000 మిగలాలంటే మీకు దాదాపు 21,000 దిర్హాములు కావాలి. జీతం పదిహేడు శాతం పెరిగితే మిగులు ఎనభై శాతం పెరుగుతుంది, ఎందుకంటే ఖర్చుల బుట్ట నిండిన తరువాత వచ్చే ప్రతి దిర్హామూ పూర్తిగా మీదే. జర్మనీలో అదనంగా వచ్చే ప్రతి వందలో దాదాపు మూడో వంతు పన్నుకూ బీమాకూ పోతుంది, కాబట్టి బేరమాడితే ఎక్కువ ఫలం దుబాయ్‌లోనే.

మొదటి ఏడాది లెక్కతో ఆగిపోకండి. దుబాయ్‌లో బడి ఫీజు తరగతి పెరిగే కొద్దీ పెరుగుతుంది, రెండో బిడ్డ వస్తే రెట్టింపవుతుంది. జర్మనీలో ప్రభుత్వ బడికి ఫీజు లేదు. హైదరాబాద్‌లో జీతం ఏటా పెరిగే వేగం మిగతా రెండు చోట్ల ఉండదు. మరోవైపు దిర్హాము విలువ డాలరుకు 3.6725గా కట్టివేసి ఉంది కాబట్టి రూపాయి డాలరు ముందు తగ్గినంత మేరకు మీ దిర్హాము మిగులు పెరుగుతుంది. 2015లో దిర్హాముకు 17 రూపాయల చిల్లర ఉండేది, నేను పైన 24 వేశాను. ఐదో ఏడాదికి ఒకసారి, అప్పటి బడి ఫీజు, అప్పటి హైదరాబాద్ జీతం వేసుకుని మళ్లీ ఇదే లెక్క చేయండి.

వెళ్లేటప్పుడు ఒక్కసారే పడే ఖర్చును ఎన్ని నెలలు ఉంటారో అన్ని నెలలకు పంచండి. మ్యూనిక్‌లో అడ్వాన్సు చల్లని అద్దెకు మూడు నెలల వరకు తీసుకుంటారు, అది తిరిగి వస్తుంది. చాలా ఇళ్లలో వంటగది సామాను, లైట్లు కూడా ఉండవు, మీరే కొనుక్కోవాలి, ఆ డబ్బు తిరిగి రాదు. దుబాయ్‌లో అద్దె ముందుగానే కొన్ని చెక్కులుగా ఇవ్వాలి, ఏజెంటు రుసుము వేరు. చేతిలో నాలుగైదు లక్షలు లేకుండా కుటుంబంతో దిగితే మొదటి నెలల్లోనే అప్పు మొదలవుతుంది.

ఇక చేరే తేదీ. ఉద్యోగం కోసం దేశం విడిచిన ఏడాది మీరు ఏప్రిల్ నుంచి మార్చి మధ్య ఇండియాలో 182 రోజులు ఉంటే ఆ ఏడాదికి నివాసిగానే లెక్క, అప్పుడు దుబాయ్‌లో సంపాదించినది కూడా ఇక్కడ పన్ను కిందికి వస్తుంది. సెప్టెంబరు 28లోగా బయలుదేరితే ఆ బాధ ఉండదు. డిసెంబరు నెలాఖరులో చేరితే జనవరి నుంచి మార్చి వరకు వచ్చే మూడు జీతాల మీద, మీ హైదరాబాద్ జీతం అప్పటికే పై శ్లాబుల్లో ఉన్నందున, 30 శాతం వరకు పన్ను పడుతుంది. దుబాయ్ యజమాని తేదీ అడిగినప్పుడు అక్టోబరు నుంచి మార్చి మధ్య పడకుండా చూసుకోండి, వీలుకాకపోతే ఏప్రిల్‌కు జరపమని అడగండి. మ్యూనిక్ విషయంలో అక్కడ కట్టిన పన్నుకు ఇక్కడ మినహాయింపు దొరుకుతుంది కాబట్టి తేదీ అంత పట్టింపు కాదు.